సహోద్యోగి ఇంట్లో ఆపద వచ్చినప్పుడు మీటింగ్ మార్చిన కబురు ఎలా పెట్టాలి?

సోమవారం రాత్రి పదిన్నర దాటాక మా అకౌంట్స్ మేడం ఫోన్ చేశారు. "నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చిందంట సార్. రాజమండ్రిలో హాస్పిటల్లో చేర్చారు. నేను బస్సెక్కుతున్నా" అన్నారు. నేను సరే అనేలోపే ఫోన్ పెట్టేశారు. ఆ రోజు 13వ తేదీ. 15న, బుధవారం ఉదయం 11 గంటలకి ఆవిడే నడపాల్సిన మీటింగ్ ఉంది. ఆడిటర్ ఆఫీసు నుంచి ఇద్దరు, కొనుగోళ్లు చూసేవాళ్లు ఇద్దరు, నేను, మేడం దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అందులో ఉండాలి. మంగళవారం పొద్దున్నే ఆ మీటింగ్ మారిందని ఆవిడకీ మిగతావాళ్లకీ చెప్పాలి.

రాయాల్సింది నాలుగు లైన్లే. అయితే కొన్నేళ్ల క్రితం ఇలాంటి సందర్భంలోనే నేను తొందరపడి రాసిన మెసేజ్ అవతలి మనిషిని ఇంకా ఇబ్బంది పెట్టింది. అది గుర్తుండబట్టి ఈసారి ఒక అరగంట కూర్చుని, ఎన్ని రకాలుగా రాయొచ్చో చూసుకుని, ఒక్కోటీ తీసేస్తూ వచ్చాను. ఆ పోలికలే ఇక్కడ రాస్తున్నాను.

మెసేజ్ కంటే ముందు తేదీ తేలాలి

మీటింగ్‌ని ఏం చేస్తున్నామో మనకే తెలియకపోతే మెసేజ్‌లో అది బయటపడుతుంది. మూడు దారులున్నాయి. ఆవిడ తిరిగొస్తారనుకున్న రోజుకి మార్చడం ఒకటి. తేదీ చెప్పకుండా ఆపి ఉంచడం రెండోది. కొంచెం వెనక్కి జరిపి ఆవిడ లేకుండానే పని పూర్తి చేయడం మూడోది.

మొదటిదే అందరికీ ముందు తడుతుంది. "శుక్రవారం పెట్టుకుందాం, అప్పటికి వచ్చేస్తారులే" అనుకుంటాం. మంగళవారం పొద్దున ఆవిడకి ఏం తెలుసు? యాంజియోగ్రామ్‌లో ఏం కనిపిస్తుందో, స్టెంట్‌తో సరిపోతుందో, బైపాస్ అంటారో ఏమీ తెలియదు. స్టెంట్ వేసి అంతా సవ్యంగా ఉంటే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఇంటికొచ్చాక కూడా మందులు వేళకి ఇవ్వడానికి, వచ్చే పోయే చుట్టాలని చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా. అలాంటప్పుడు శుక్రవారం అని రాస్తే ఆవిడ నెత్తిన ఇంకో గడువు పెట్టినట్టే. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఆ రోజుకి లెక్కలు వేసుకుంటారు. ముందే తేదీ తెలిసిన సందర్భాలకి మాత్రం ఈ దారి బాగా పనికొస్తుంది. పిల్లవాడికి అపెండిక్స్ ఆపరేషన్ అయిపోయి డిశ్చార్జి తేదీ కూడా చెప్పేశారనుకోండి, అప్పుడు ఆవిడనే అడిగి ఒక రోజు పెట్టుకోవచ్చు.

రెండో దారి, అంటే తేదీ లేకుండా ఆపడం, మనసుకి అన్నిటికంటే మెత్తగా అనిపిస్తుంది. పని ఆగగలిగితే అదే సరైనది. మాది ఆగే పని కాదు. జీఎస్టీలో మన సప్లయర్లు చూపించిన బిల్లులన్నీ చేర్చి ప్రతి నెలా 14న GSTR-2B అనే పట్టిక వస్తుంది. దాన్ని మన కొనుగోళ్ల పుస్తకంతో సరిపోల్చుకుని 20వ తేదీలోపు GSTR-3B అనే రిటర్ను వేయాలి. ఆ రోజు దాటితే రోజుకి 50 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా పడుతుంది. ఇలాంటి పనిని "మీరు వచ్చాకే చూద్దాం" అని ఆపితే మెసేజ్ చదివిన క్షణానికి ఆవిడకి ఊరటగానే ఉంటుంది. కానీ 18వ తేదీ వచ్చేసరికి ఆ భారం ఆవిడే గుర్తు తెచ్చుకుని మోయాలి. ఈ గడువులన్నీ ఏళ్ల తరబడి ఆవిడ నోట్లో ఉన్నవే.

అందుకే మూడో దారి పట్టాను. మీటింగ్ 17, శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకి పెట్టి, ఆవిడ రానక్కర్లేకుండా పని పంచుకున్నాం. ఈ రెండు రోజుల గడువు ఆవిడ కోసం కాదు, మా కోసం. ఆవిడ చేతిలో ఉన్న లెక్క మేం అందుకోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి.

ఈ దారి ఎప్పుడూ మంచిదని మాత్రం చెప్పను. ఆ మీటింగ్ ఆఫీసు పని గురించా, ఆ మనిషి సొంత కష్టం గురించా అన్నది చూడాలి. ఒకరు మూడు నెలలు కష్టపడి తయారుచేసిన ప్రెజెంటేషన్‌ని వాళ్లు హాస్పిటల్లో ఉండగా ఇంకొకరి చేత చెప్పిస్తే, ఎంత మంచి మాటలతో రాసినా అవతలివాళ్లకి అది లాక్కున్నట్టే ఉంటుంది. ప్రమోషన్ ఇంటర్వ్యూ అయినా, అప్రైజల్ మీటింగ్ అయినా అంతే. అక్కడ రెండో దారే పట్టి, "మీరు వచ్చి, మీకు కుదిరిందన్నాకే పెడతాం. మీ ప్రెజెంటేషన్ మీరే ఇస్తారు" అని తేటగా రాయాలి.

ఆవిడకి రాసిన మెసేజ్: మూడు రకాలు

ముందు నా చేతికి వచ్చినట్టు టైప్ చేసింది ఇది. పంపలేదు.

> నమస్తే మేడం. నాన్నగారికి ఎలా ఉంది? ఐసీయూలోనే ఉన్నారా? డాక్టర్లు ఏమన్నారు? బుధవారం మీటింగ్ శుక్రవారానికి జరిపాం, అప్పటికి వచ్చేస్తారు కదా? ఆ సప్లయర్ల లిస్టు ఎక్కడుందో కాస్త చెప్పండి. ధైర్యంగా ఉండండి, అంతా మంచే జరుగుతుంది.

రాసినవాడికి ఇందులో తప్పేమీ కనిపించదు, అంతా ఆప్యాయంగానే ఉంది. చదివేవాళ్ల చేతిలో ఫోన్ పెట్టి చూడండి, ఐదు ప్రశ్నలున్నాయి. మొదటి మూడింటికి జవాబులు ఆవిడకే తెలియవు. ఆ పొద్దున ఇవే ప్రశ్నలు పిన్ని, బాబాయి, ఎదురింటివాళ్లు అప్పటికే పదిసార్లు అడిగి ఉంటారు. నాలుగోది "వచ్చేస్తారు కదా". రానని చెప్పాల్సిన ఇబ్బంది ఆవిడ మీద పెట్టాను. ఐదోది పని. ఇక చివర్లో "అంతా మంచే జరుగుతుంది" అన్నది నేను ఇవ్వగలిగిన హామీ కాదు. ఇవ్వలేని హామీని దగ్గరివాళ్లు చెప్తే ఓదార్పుగా ఉంటుంది. పై అధికారి చెప్తే మాట ముగించడానికి అన్నట్టుంటుంది.

మాట పరంగానూ ఇందులో ఒక చిక్కుంది. "మీటింగ్ శుక్రవారానికి జరిపాం" అంటే వెనక్కి నెట్టామని నా ఉద్దేశం. కానీ మనకి "మీటింగ్ జరిపాం" అంటే మీటింగ్ అయిపోయిందని కూడా అర్థం. నిద్రలేని కళ్లతో చదివితే "నేను లేకుండా మీటింగ్ పెట్టేశారా" అనుకునే ప్రమాదం ఉంది. "మార్చాం" అంటే ఆ గొడవ ఉండదు. అలాగే "వచ్చే బుధవారం" అంటే రేపు వచ్చేదా, పై వారందా అని ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కొట్టుకుంటారు. ఎవరికి రాసినా వారంతో పాటు తేదీ వేయాలి.

రెండో రకం ఆఫీసు కాగితం భాష.

> గౌరవనీయులైన మేడం గారికి, మీ తండ్రిగారి అనారోగ్యం గురించి తెలిసి మిక్కిలి చింతిస్తున్నాము. మీ కుటుంబంలో ఏర్పడిన అత్యవసర పరిస్థితి దృష్ట్యా బుధవారం నాటి సమావేశం వాయిదా వేయడమైనది.

"చింతిస్తున్నాము" అనే మాట మనం ఎక్కడ చూస్తాం? పేపర్లో ఫొటో కింద, దండ వేసిన ఫ్లెక్సీ మీద. బతికి ఉన్న తండ్రి గురించి ఆ మాట చదివిన కూతురికి ఎలా ఉంటుంది? ఇంకోటి, "మీ కుటుంబంలో ఏర్పడిన పరిస్థితి దృష్ట్యా" అనగానే మీటింగ్ ఆగడానికి కారణం ఆవిడే అయ్యారు. ఈ వాక్యం తప్పు పట్టకపోయినా వేలు మాత్రం అటే చూపిస్తోంది. ఇంగ్లిష్‌లో అలవాటుగా వాడే అచ్చు మెసేజ్‌ని అతికించినా ఇలాగే చల్లగా ఉంటుంది. ఆ మనిషితో రోజూ ఏ భాషలో మాట్లాడతామో ఆ భాషే వాడాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసుకునే అలవాటుంటే అలాగే చేయండి. ఉన్నట్టుండి మారిన భాష చూసి కూడా మనిషి కంగారు పడతారు.

చివరికి పంపింది ఇది.

> మేడం, బుధవారం మీటింగ్ మార్చాం. ఆ పని నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం, మీరు దాని గురించి ఆలోచించకండి. నాన్నగారి దగ్గర ఉండండి. దీనికి రిప్లై ఇవ్వక్కర్లేదు.

తమ్ముడంటే మా ఆఫీసు కుర్రాడు, మేడం అలాగే పిలుస్తారు. పరామర్శ ముందు ఉండాలి, పని తర్వాత రావాలి అని చాలామంది అంటారు. మామూలు ఉత్తరంలో నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం కావాలనే తిరగేశాను. ఫోన్ తెర మీద మెసేజ్ తెరవకముందే మొదటి లైను కనిపిస్తుంది. మేనేజర్ పేరుతో ఏదో వచ్చిందనగానే "మీటింగ్ గురించే అయ్యుంటుంది" అనే బెంగ పుడుతుంది. ఆ మొదటి లైన్లోనే మీటింగ్ సంగతి తేలిపోతే, తెరవకుండా ఫోన్ పక్కన పెట్టేసినా నష్టం లేదు. "నమస్తే మేడం, నాన్నగారి విషయం తెలిసి చాలా బాధపడ్డాను..." అని మొదలైతే తెరవాల్సిందే, చివరిదాకా చదవాల్సిందే.

కొత్త తేదీ ఇందులో లేదు. దాచలేదు, క్యాలెండర్లో ఉంది. చూడాలనుకుంటే చూస్తారు, కానీ ఆవిడకి చెప్పిన తేదీ ఆవిడ మోసే తేదీ అయిపోతుంది. "రిప్లై ఇవ్వక్కర్లేదు" అన్న ముక్క కొందరికి మొరటుగా అనిపించొచ్చు. నా అనుభవంలో నాలుగు లైన్లలో అక్కరకొచ్చేది అదే. పెద్దవాళ్ల మెసేజ్‌కి జవాబివ్వకపోతే మర్యాద కాదనే పెంపకం మనది. అక్కర్లేదని మనమే చెబితే తప్ప ఏ ట్రాలీ పక్కన నిలబడో "ఓకే సార్ థాంక్యూ సార్" అని కొడతారు.

కొన్ని మాటలు తెలిసే వదిలేశాను. "సీరియస్" అన్నది ఇంగ్లిష్‌లో ఎలా ఉన్నా, మన ఇళ్లల్లో "సీరియస్‌గా ఉందట" అంటే చివరి ఘడియలనే అర్థం. "మీరు లేకపోయినా మేం నడిపిస్తాం" అన్నదాంట్లో ఆ "లేకపోయినా" చెవికి బాగోదు. "మీ లోటు తెలుస్తోంది" అన్నది పోయినవాళ్ల గురించి అనే మాట. "త్వరగా వచ్చేయండి" అంటే ప్రేమో తొందరో తెలియదు. "ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి" అన్నది అందరం రాస్తాం, ఎవరూ అడగరు. చేయగలిగిందేదైనా ఉంటే పేరు పెట్టి రాయడం మేలు. "మా తోడల్లుడు రాజమండ్రిలోనే ఉంటాడు, రాత్రి హాస్పిటల్లో తోడు కావాలంటే పంపిస్తాను" అనగలిగితే రాయండి. అలాంటిదేదీ లేకపోతే ఆ వాక్యం వద్దు.

ఫోనా, వాట్సాపా, గ్రూపా, మెయిలా?

ఫోన్ చేయడం మర్యాద అని పెద్దవాళ్లంటారు. పల్లెలో, బంధువుల్లో అదే నిజం. కానీ హాస్పిటల్లో అటెండర్‌గా ఉన్నవాళ్ల ఫోనుకి వేరే పనులున్నాయి. నర్సు పిలిచినా, ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి కబురొచ్చినా, ఊళ్లో ఉన్న అన్నయ్య అడిగినా ఆ ఒక్క ఫోనే మోగాలి. ఐసీయూ లోపలికి పంపే ఆ కాసేపట్లో మన కాల్ వస్తే మిస్ అవుతుంది, మేనేజర్ మిస్డ్ కాల్ చూసి ఆవిడే తిరిగి చేస్తారు. కాబట్టి మీటింగ్ సంగతి చెప్పడానికి ఫోన్ చేయను. పలకరించడానికైతే ఒకట్రెండు రోజులాగి, అప్పుడు కూడా పని ఊసెత్తకుండా చేస్తాను.

మెయిల్ అయితే ఆవిడ అసలు చూడకపోవచ్చు, మీటింగ్ సంగతి మనసులో నలుగుతూనే ఉంటుంది. మిగిలింది వాట్సాప్. అందులోనూ విడిగా రాయడానికీ, టీమ్ గ్రూపులో వేయడానికీ చాలా తేడా ఉంది. గ్రూపులో "మేడం నాన్నగారికి బాగోలేదు, మీటింగ్ మార్చాం" అని వేస్తే పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు, "గెట్ వెల్ సూన్"లు, "ఏమైంది మేడం?"లు వరసగా పడతాయి. ఆ మోతంతా ఆవిడ ఫోన్లోనే. పైగా ఆవిడ నాకు చెప్పింది నాకు చెప్పడానికే, అందరికీ చాటమని కాదు. కాబట్టి విడిగానే రాయాలి.

పంపే వేళ గురించి ఒక్క మాట. ఆవిడ బస్సులో ఉన్న రాత్రి నేను ఏమీ పంపలేదు, పొద్దున ఎనిమిదింటికి పంపాను. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. కాబట్టి ఏదైనా పదం తేడాగా పడితే తీసేసి మళ్లీ పంపేకంటే దిద్దడం మంచిది. తీసేస్తే అక్కడ ఏదో తీసేసిన ఆనవాలు మిగులుతుంది. ఇలాంటి రోజున అది చూసి అనవసరమైన ఊహలు వస్తాయి.

మిగతావాళ్లకి ఎంత చెప్పాలి?

నేను ముందు అన్న పాత పొరపాటు ఇక్కడే జరిగింది. ఒక సహోద్యోగి భార్యకి నెలలు నిండకుండానే కష్టమొచ్చింది. మీటింగ్ ఎందుకు మారిందో అందరికీ అర్థం కావాలని క్యాలెండర్ ఇన్వైట్‌లోనే కారణం రాసేశాను. అది బయటి కంపెనీ వాళ్లకీ వెళ్లింది. రెండు వారాల తర్వాత ఆయన తిరిగొచ్చిన రోజే, ముక్కూ మొహం తెలియని ఒకాయన ఫోన్ చేసి "పాప ఎలా ఉందండీ" అని అడిగాడు. అప్పటికి పాప లేదు. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి బయటికెళ్లిపోయారు. ఇప్పటికీ నాకు ఆ బల్ల కళ్లముందే ఉంటుంది.

బయటివాళ్లకి కారణమే అక్కర్లేదు. వాళ్లకి కావాల్సింది పాత తేదీ, కొత్త తేదీ, ఎవరిని అడగాలన్నది. ఆడిటర్ గారికి ఇలా రాశాను.

> సార్, 15 బుధవారం ఉదయం 11 గంటల మీటింగ్ 17 శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకి మార్చాం. చోటు అదే. ఈ వారం జీఎస్టీ లెక్కల గురించి ఏమున్నా దయచేసి నాకే ఫోన్ చేయండి.

ఆ "నాకే" అన్న మాట కోసమే ఈ మెసేజ్ రాశానని చెప్పాలి. అది లేకపోతే ఆడిటర్ ఆఫీసు అబ్బాయి అలవాటు కొద్దీ మేడం నంబరుకే చేసి "మీటింగ్ మారిందట కదా, ఎందుకు మేడం?" అని అడుగుతాడు. ఆయన గట్టిగా కారణం అడిగితే "మా దగ్గర ఒకరు అత్యవసరంగా ఊరెళ్లాల్సి వచ్చింది" అంటే చాలు, అబద్ధం కాదు, గుట్టూ బయటపడదు. "ఆరోగ్యం బాగోలేదు" లాంటి కల్పన మాత్రం చెప్పకూడదు. రేపు ఆవిడ దానికి వంత పాడాల్సి వస్తుంది.

టీమ్‌లోవాళ్లకి ఇంకొంచెం చెప్పొచ్చు. "మేడం ఇంటి పని మీద కొద్దిరోజులు సెలవులో ఉంటారు. ఆఫీసు పని గురించి ఆవిడకి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయకండి, నన్నడగండి." దగ్గరి స్నేహితులకి ఆవిడే చెప్పుకుంటారు.

క్యాలెండర్లో చేయాల్సింది

మెసేజ్ ఎంత మెత్తగా రాసినా క్యాలెండర్ దాన్ని పాడుచేయగలదు. పాత మీటింగ్‌ని మార్చకుండా వదిలేస్తే బుధవారం పొద్దున ఆవిడ ఫోన్లో రిమైండర్ మోగుతుంది. డిలీట్ చేస్తే రద్దయిందని మెయిల్ వెళ్లొచ్చు. అదే మీటింగ్‌లో టైమ్ మార్చడం అన్నిటికంటే నిశ్శబ్దంగా అయిపోతుంది. గూగుల్ క్యాలెండర్లో సేవ్ చేసేటప్పుడు అతిథులకి మెయిల్ పంపాలా అని అడుగుతుంది. అక్కడ `Don't send` నొక్కి, మిగతావాళ్లకి నేనే విడిగా రాశాను. ఆవిడ క్యాలెండర్లో టైమ్ మాత్రం చప్పుడు లేకుండా మారిపోయింది.

ప్రతి నెలా లేదా ప్రతి వారం వచ్చే మీటింగ్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. మార్చేటప్పుడు `This event` ఎంచుకోవాలి. పొరపాటున `All events` నొక్కితే రాబోయే నెలలవన్నీ మారిపోతాయి, మళ్లీ సరిచేస్తే మళ్లీ మారినట్టు కబుర్లు. మీటింగ్ పేరులో, వివరంలో కారణం ఎక్కడా రాయకూడదని ఇక వేరే చెప్పక్కర్లేదు.

పై అధికారి ఇంట్లో అయితే

ఇక్కడ మనంతట మనం మార్చేస్తే హద్దు దాటినట్టవుతుంది, అడగకుండా ఊరుకుంటే అందరూ వచ్చి కూర్చుంటారు. ఆయన తర్వాత నిర్ణయం తీసుకోగలిగినవాళ్లు ఉంటే వాళ్లనే అడగాలి. ఎవరూ లేకపోతే ఒక్క మాటతో తేలిపోయేలా అడగాలి: "సార్, రేపటి మీటింగ్ మార్చామని అందరికీ చెప్పేస్తాను. సరే అనండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను." ఏ రోజుకి పెట్టమంటారు, ఎవరెవరికి చెప్పమంటారు అని రెండో ప్రశ్న వేయకూడదు.

ఆసుపత్రి కబురు చావు కబురైతే

అప్పుడు పై మెసేజ్ ఏదీ పనికిరాదు. సంతాపం చెప్పే మెసేజ్‌లో మీటింగ్ అన్న మాటే రాకూడదు. "నాన్నగారు కాలం చేశారని తెలిసింది మేడం. మాటలు రావడం లేదు. మేమంతా ఉన్నాం" లాంటిది ఒకటి, అంతే. మీటింగ్ మారిన సంగతి ఆవిడకి చెప్పనే అక్కర్లేదు, ఆ రోజు ఆవిడ మీటింగ్‌కి రారని ఎవరికైనా తెలుసు. తెలియాల్సిన మిగతావాళ్లకి మాత్రం చెప్పాలి.

కొత్త తేదీ వేసేటప్పుడు మాత్రం ఆలోచించాలి. చాలా హిందూ కుటుంబాల్లో పది రోజులు మైల పాటించి, ఆ తర్వాత పెద్దకర్మ చేస్తారు. పదకొండో రోజా, పన్నెండో రోజా, పదమూడా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. ముస్లిం ఇళ్లలో మొదటి మూడు రోజులు ముఖ్యం. క్రైస్తవులు ఆదరణ కూడిక పెట్టుకుంటారు. మనమే లెక్కగట్టి "పదకొండో రోజు అయిపోతుంది కాబట్టి 26న పెడదాం" అనడం కంటే, ఆవిడకి దగ్గరైన ఒక సహోద్యోగి ద్వారా ఎప్పటికి వీలవుతుందో మెల్లగా తెలుసుకోవడం నయం.

ఆ వారం ఏం జరిగింది

సప్లయర్ల లిస్టు ఎంత వెతికినా షేర్డ్ ఫోల్డర్లో దొరకలేదు. ఆవిడని ఒక్క మాట అడిగితే అయిపోతుందని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. వద్దన్నాను. అడగకపోతే ఎంత నష్టమో ముందు లెక్క చూశాం. GSTR-2B పట్టికకీ మా కొనుగోళ్ల పుస్తకానికీ తేడా వచ్చిన సప్లయర్లు పదకొండు మంది, వాళ్లకి నేరుగా ఫోన్ చేస్తే ఒక రోజు పని. ఒక రోజు మా దగ్గర ఉంది. ఆ రోజు కూడా లేకపోయుంటే గురువారం సాయంత్రం, అవును కాదు అని చెప్పగలిగేలా ఒకే ఒక ప్రశ్న పంపేవాణ్ణి: "లిస్టు మీ డెస్క్‌లోనే ఉందా మేడం?" తాళం చెవి ఎక్కడుందో మేమే వెతుక్కునేవాళ్లం.

గురువారం మధ్యాహ్నం ఆవిడ దగ్గర్నుంచే వచ్చింది. "స్టెంట్ వేశారు సార్. రూముకి మార్చారు, మాట్లాడుతున్నారు. లిస్టు నా టేబుల్ రెండో సొరుగులో నీలం ఫైల్లో ఉంది, చెప్పడం మర్చిపోయాను." అప్పటికి తమ్ముడు తొమ్మిది మందితో మాట్లాడేశాడు. ఆ సంగతి ఆవిడకి రాయలేదు. "అందింది మేడం. నాన్నగారిని అడిగానని చెప్పండి" అని మాత్రం పెట్టాను. శుక్రవారం మూడింటికి మీటింగ్ అయింది, శనివారం 18న రిటర్ను వేసేశాం.